సీజన్ మధ్యలో రైడర్ కాళ్లు

కబడ్డీ క్రమం తప్పకుండా చూసేవాళ్లు ఈ మార్పు గమనించే ఉంటారు. సీజన్ మొదట్లో మెరుపులా వెళ్లి పాయింటు తెచ్చిన రైడర్, ఆరేడు వారాలు గడిచేసరికి అవే ఎత్తులతో వెళ్లి అవే చేతుల్లో చిక్కిపోతుంటాడు. ఆట మరిచిపోయి కాదు. బోనస్ గీత దాటించిన కాలిని వెనక్కి లాక్కోవడంలో రెప్పపాటు ఆలస్యం అవుతుంటుంది, అంతే. కార్నర్‌లో పొంచి కూర్చున్న డిఫెండర్‌కి చీలమండ అందుకోవడానికి ఆ రెప్పపాటు చాలు.

చూసేవాళ్లం దాన్ని ‘అలసిపోయాడు’ అనేస్తాం. కానీ ఆ ఆలస్యానికి రెండు వేర్వేరు కారణాలుండొచ్చు. వరుస మ్యాచ్‌ల భారం కాళ్లలో పేరుకుపోయి ఉండొచ్చు. లేదంటే మ్యాచ్‌లున్నాయి కదా అని బరువులెత్తడం మానేసినందువల్ల, సీజన్‌కి ముందు కష్టపడి కూడబెట్టిన బలమే కరిగిపోయి ఉండొచ్చు. మొదటిదానికి మందు విశ్రాంతి, రెండోదానికి మందు వ్యాయామం. ఒకదాని మందు ఇంకోదానికి వేస్తే రోగం ముదురుతుంది. సీజన్‌లో ఆటగాడి శరీరాన్ని చూసుకునే కోచ్‌కి ఈ రెండింటినీ విడదీసి చూడగలగడమే అసలు పని. లాగుడు బండి, విరామ పరుగులు, కొద్దిపాటి బరువులు ఈ మూడూ ఆ పని చుట్టూనే తిరుగుతాయి.

ముందు ఆట కాళ్ల నుంచి ఏం అడుగుతుందో చూద్దాం. పురుషుల మ్యాచ్ రెండు సగాలు కలిపి 40 నిమిషాలు. ఒక్కో కూతకి 30 సెకన్ల గడువు. ప్రతి కూతా గడువంతా వాడుకున్నా రెండు జట్లవీ కలిపి 80 కూతలు, అంటే జట్టుకి 40. అందులో ప్రధాన రైడర్ ఒక్కడే పదిహేను, ఇరవై కూతలకి వెళ్తాడు. మిగతా సమయంలో ఊరికే నిలబడడు, ఎదుటి రైడర్ వచ్చినప్పుడు చెయిన్‌లో చేయి కలిపి, మోకాళ్లు వంచి, పక్కలకి కదులుతూ ఉంటాడు. కూతలో సింహభాగం తచ్చాడటమే. అసలు శక్తి ఖర్చయ్యేది చివరి మూడు నాలుగు సెకన్లలో: ఒక తాకిడి, ఒక మలుపు, మీద పడ్డ ఇద్దరు ముగ్గుర్ని ఈడ్చుకుంటూ మధ్యగీత వైపు ఒక దూకుడు.

ఆ దూకుడుకి కావలసిన శక్తిని కండరం అప్పటికప్పుడు తయారు చేసుకోలేదు. ముందే దాచుకున్న క్రియాటిన్ ఫాస్ఫేట్ నిల్వ నుంచి తీసుకుంటుంది. ఇంటిపైన నీళ్ల ట్యాంకు లాంటిది అది: కొళాయి పూర్తిగా తిప్పితే కొన్ని సెకన్లలో అడుగంటుతుంది, మళ్లీ నిండాలంటే కింద మోటారు తిరగాలి. ఇక్కడ మోటారు అంటే గుండె, ఊపిరితిత్తులు, కండరాల్లో ఆక్సిజన్ వాడుకునే శక్తి. ఖాళీ అయిన నిల్వలో దాదాపు సగం అర నిమిషంలో తిరిగి నిండుతుంది. పూర్తిగా నిండటానికి మూడు నుంచి ఐదు నిమిషాలు కావాలి. జట్టు పాయింట్లన్నీ ఒక్కడి మీదే ఆధారపడితే ఆ రైడర్ నిమిషం తిరక్కుండానే మళ్లీ గీత దాటాల్సి వస్తుంది. రెండు ఖాళీ కూతల తర్వాత వచ్చే డూ ఆర్ డై కూత అయితే ఇక చెప్పనక్కర్లేదు. కాబట్టి అతనికి రెండూ కావాలి: దూకుడు కోసం బలం, ఆ దూకుడు మళ్లీ మళ్లీ రావడం కోసం ఆక్సిజన్ సామర్థ్యం.

సీజన్‌కి ముందు రెండు మూడు నెలల్లో ఈ రెండూ పెంచుకోవచ్చు. సీజన్‌లో పెంచుకోవడానికి తీరిక ఉండదు. 2024లో ప్రో కబడ్డీ పదకొండో సీజన్ అక్టోబరు 18న హైదరాబాద్ గచ్చిబౌలిలో మొదలై డిసెంబరు నెలాఖరుకి ముగిసింది. లీగ్ దశలోనే ఒక్కో జట్టు 22 మ్యాచ్‌లు ఆడింది, సగటున మూడు రోజులకొకటి. మన జిల్లాల్లో ఆడేవాళ్ల లెక్క వేరు. ఊరూరా పెట్టే పోటీల్లో ఒకే రోజు రెండు మూడు మ్యాచ్‌లు పడతాయి, తర్వాత వారం రోజులు ఏమీ ఉండవు. రెండు చోట్లా ప్రశ్న ఒకటే: ఉన్నది పోకుండా నిలుపుకోవడానికి ఎంత తక్కువ చేస్తే సరిపోతుంది?

దీనికి శాస్త్రం దగ్గర పనికొచ్చే సమాధానం ఉంది. 1980ల తొలి సంవత్సరాల్లో అమెరికాలో రాబర్ట్ హిక్సన్ బృందం కొందరికి పది వారాలపాటు వారానికి ఆరు రోజులు, రోజుకి 40 నిమిషాలు కఠినమైన శిక్షణ ఇచ్చింది. తర్వాత పదిహేను వారాలు ఒక్కో అంశాన్నే తగ్గిస్తూ చూసింది. రోజుల్ని ఆరు నుంచి రెండుకి తగ్గించినా వాళ్ల ఆక్సిజన్ సామర్థ్యం నిలిచింది. నిమిషాల్ని 40 నుంచి 13కి తగ్గించినా నిలిచింది. తీవ్రత తగ్గించినప్పుడు మాత్రం, రోజులూ నిమిషాలూ మునుపటిలాగే ఉంచినా, పడిపోయింది. బలం విషయంలోనూ ఇలాంటి ఫలితమే వచ్చింది. 2011లో బికెల్, క్రాస్, బామ్మన్ అనే పరిశోధకులు ప్రచురించిన అధ్యయనంలో, పదహారు వారాలు బరువులెత్తిన యువకులు ఆ తర్వాత 32 వారాలు తొమ్మిదో వంతు పని మాత్రమే చేసినా కాళ్ల బలం పోలేదు. ఎత్తిన బరువు మాత్రం తేలికది కాదు.

ఇవి మ్యాచ్‌లాడుతున్న కబడ్డీ క్రీడాకారుల మీద చేసినవి కావు కాబట్టి అంకెల్ని అక్షరాలా తీసుకోకూడదు. అయినా దారి స్పష్టంగా ఉంది: సీజన్‌లో కోత పెట్టాల్సింది ఎన్నిసార్లు, ఎంతసేపు అన్నవాటికి. ఎంత గట్టిగా అన్నదానికి కాదు. మన మైదానాల్లో సాధారణంగా జరిగేది దీనికి సరిగ్గా తలకిందులు. మ్యాచ్‌లున్నాయని బార్ మీద బరువు సగానికి దించేసి, దాంతోనే పదిహేనేసి చొప్పున నాలుగు సెట్లు చేయిస్తారు. ఓడిన మర్నాడు గ్రౌండు చుట్టూ పది రౌండ్లు పరుగెత్తిస్తారు. తేలిక బరువుతో ఎక్కువసార్లు చేస్తే కాళ్లు నొప్పులు పుడతాయి కానీ బలం నిలవదు. నెమ్మది రౌండ్లతో మడమలు, పిక్కలు అరుగుతాయి కానీ కూతకి కావలసిన దూకుడు రాదు. ఆటగాడికి అలసట మిగులుతుంది, లాభం మిగలదు. ఈ అలవాటు ఎంతమంది మంచి కుర్రాళ్లని సీజన్ సగంలో కూర్చోబెట్టిందో తలచుకుంటే బాధేస్తుంది.

ఇప్పుడు లాగుడు బండి సంగతి. దీన్ని స్లెడ్ అంటున్నారు. ఇనుప చట్రం, దాని అడుగున రెండు పట్టీలు, పైన బరువు పలకలు గుచ్చడానికి ఒక గొట్టం. నడుముకి బెల్టు కట్టుకుని లాగొచ్చు, నిలువు కడ్డీలు పట్టుకుని నెట్టొచ్చు. కొనే స్తోమత లేకపోతే వెల్డింగ్ షాపులో చేయించుకోవచ్చు. అదీ కాకపోతే పాత లారీ టైరుకి తాడు కట్టి, మధ్యలో ఇసుక మూటలు వేసుకోవచ్చు. పని తీరులో పెద్ద తేడా ఉండదు. కబడ్డీ మ్యాట్ మీద మాత్రం లాగకూడదు, చిరిగిపోతుంది.

సీజన్‌లో దీనికి ఇంత విలువ ఎందుకంటే, ఇది కాళ్లకి పని చెప్తుంది గానీ నొప్పి మిగల్చదు. బరువు భుజాన వేసుకుని కిందికి కూర్చునేటప్పుడు, పరుగెత్తుతూ ఠక్కున ఆగేటప్పుడు, గెంతి నేల మీద దిగేటప్పుడు కండరం సాగుతూనే బిగుసుకుని ఉండాలి. మర్నాడూ ఆ మర్నాడూ మెట్లు దిగలేనంత నొప్పి పుట్టించేది ఎక్కువగా ఈ రకం పనే. బండిని నెట్టేటప్పుడు కండరం కుదించుకుంటూ తోస్తుంది, అంతే. దిగే బరువు లేదు, ఆపాల్సిన వేగం లేదు. వదిలేస్తే బండి అక్కడే ఆగిపోతుంది. అందుకే గురువారం బండి లాగిన రైడర్ శనివారం మ్యాచ్‌కి తేలిక కాళ్లతో వస్తాడు. పైగా ముందుకి వంగి, నేలని వెనక్కి తన్నుతూ తోసే ఆ భంగిమ, మీద పడ్డ డిఫెండర్లతో సహా గీత వైపు ఈడ్చుకెళ్లే భంగిమకి చాలా దగ్గర.

బండి మీద ఎంత బరువు పెట్టాలని అందరూ అడుగుతారు. కిలోల్లో చెప్పే జవాబు మోసం చేస్తుంది. అవే 60 కిలోలు ఎండిన ఎర్రమట్టి మీద ఒకలా, వాన పడ్డ గడ్డి మీద ఇంకోలా, కృత్రిమ పచ్చిక మీద మరోలా లాగుతాయి. నేల రాపిడి మారితే బరువు మారినట్టే. ఊరూరూ తిరిగే జట్టుకి ఇది ప్రతి వారం ఎదురయ్యేదే. కాబట్టి కిలోలు కాదు, సెకన్లు రాసుకోవాలి. బండి లేకుండా 15 మీటర్లు ఎంతలో పరుగెత్తుతాడో ముందు చూడండి. తర్వాత అదే దూరానికి దాదాపు రెట్టింపు సమయం పట్టేదాకా బరువు పెంచండి. వేగం సగానికి పడే ఆ దరిదాపుల్లోనే ఆటగాడి కాళ్లు అత్యధిక శక్తిని బయటపెడతాయి. బలం కోసం లాగే బండికి ఈ కొలత చాలు. చురుకుదనం కోసం లాగేటప్పుడు 10 మీటర్ల సమయం పదో వంతుకి మించి పెరగని తేలిక బరువు వేసుకోవాలి.

లెక్క మొత్తం ఒక ఆటగాడికి కట్టి చూద్దాం. ఊహకి ఒక రైడర్‌ని తీసుకుందాం: ఇరవై నాలుగేళ్లు, 78 కిలోలు, ఒక శాఖ జట్టులో ఉద్యోగం, శని ఆదివారాల్లో పోటీలు. ఒక్కసారి లేపగల గరిష్ఠ స్క్వాట్ 150 కిలోలు. సీజన్‌కి ముందు వారానికి మూడు రోజులు, 120 కిలోలతో ఐదేసి చొప్పున నాలుగు సెట్లు చేసేవాడు. అంటే వారానికి అరవై సార్లు. బండి లేకుండా 15 మీటర్లు 2.7 సెకన్లలో పరుగెత్తుతాడు. అతనికి సరిపడే బండి 5.5 సెకన్లు పట్టేది.

సోమవారం అతను ఏమీ ఎత్తడు. అరగంట నడక, ఖాళీ బండిని వెనక్కి నడుస్తూ ఇరవయ్యేసి మీటర్లు నాలుగుసార్లు లాగడం, అంతే. వెనక్కి లాగితే తొడ ముందు కండరాలు మోకాలిని కుదపకుండా పనిచేస్తాయి. కిందపడి లేచిన మోకాళ్లకి ఇది హాయినిస్తుంది.

మంగళవారం వారం మొత్తంలో బరువైన రోజు. స్క్వాట్ 125 కిలోలు, మూడేసి చొప్పున మూడు సెట్లు. ఆ బరువుతో ఐదారు చేయగలడు, అయినా మూడు దగ్గరే ఆపుతాడు. చివరి రెండు మూడింటిలో వచ్చే లాభం తక్కువ, కాళ్ల మీద పడే భారం ఎక్కువ. తర్వాత నడుముకి బరువు కట్టుకుని పుల్ అప్‌లు నాలుగేసి చొప్పున మూడు సెట్లు. ఆపైన 5.5 సెకన్ల బండి, 15 మీటర్లు, ఐదుసార్లు, మధ్యలో రెండేసి నిమిషాల విశ్రాంతి. ఏ లాగుడైనా ఆరు సెకన్లు దాటితే ఆ రోజుకి బండి పక్కన పెట్టేయాలి. మిగిలినవి ఎలాగోలా పూర్తి చేయడం పట్టుదల అనిపించుకోదు.

ఆఖర్న ఒక చిన్న పని ఉంది, దాన్ని మానేయకూడదు. మోకాళ్ల మీద నిలబడి, తోటివాడు మడమలు పట్టుకుంటే, ఒళ్లంతా నిటారుగా ఉంచి నెమ్మదిగా ముందుకి ఒరగడం. నార్డిక్ అంటారు దీన్ని. నాలుగేసి చొప్పున రెండు సెట్లు. బండికి ఉన్న మంచి గుణమే దాని లోపం కూడా: సాగే కండరానికి అది ఏ శిక్షణా ఇవ్వదు. రైడర్ తొడ వెనక కండరం పట్టేసేది కాలు చాచినప్పుడు, హఠాత్తుగా ఆగినప్పుడు. బండి ఎంత లాగినా ఆ క్షణానికి సిద్ధం కాదు, నార్డిక్ దాన్ని సిద్ధం చేస్తుంది. మూడు వారాలు మానేసి మళ్లీ మొదలుపెడితే నొప్పులతో కూర్చోబెడుతుంది. వారం వారం కొద్దిగా చేస్తూ ఉంటే ఏమీ అనదు. మంగళవారమే ఎందుకంటే, నొప్పి పుడితే అది ముదిరేది ఒకటి రెండు రోజుల్లో, శనివారానికి సద్దుమణుగుతుంది.

బుధవారం మ్యాట్ మీద ఆట, చివర్లో విరామ పరుగులు. మధ్యగీత దగ్గర మొదలుపెట్టి బాక్ గీత, బోనస్ గీత తాకుతూ, దిశ మారుస్తూ పదిహేను సెకన్లు ప్రాణం పెట్టి కదలడం, నలభై ఐదు సెకన్లు చెయిన్ భంగిమలో నెమ్మదిగా పక్కలకి నడవడం. ఇలా ఐదు కలిపి ఒక విడత, నాలుగు నిమిషాల విశ్రాంతి, మళ్లీ ఒక విడత. అంతా కలిపి పావుగంట లోపే. విడతకి ఒకటి రెండు కూత పెడుతూ చేస్తే మంచిది, మాట ఆగకుండా ఊపిరి పొదుపు చేసుకోవడం అలవాటవుతుంది. అన్నీ కూతతోనే చేస్తే ఊపిరి చాలక వేగం పడిపోతుంది, అప్పుడు కాళ్లకి పని చాలదు.

గురువారం పదును పెట్టుకోవడానికి. 120 కిలోలతో రెండేసి చొప్పున రెండు సెట్లు, తేలిక బండితో పదేసి మీటర్లు నాలుగుసార్లు, మధ్యలో పూర్తి విశ్రాంతి. అరగంటలో అయిపోవాలి. శుక్రవారం ప్రయాణం, తేలికపాటి మ్యాట్ పని. శని ఆదివారాలు మ్యాచ్‌లు.

స్క్వాట్ లెక్క కూడితే వారానికి పదమూడు. అరవైలో ఐదో వంతు కన్నా కాస్త ఎక్కువ. కానీ బార్ మీద బరువు తగ్గలేదు, మంగళవారం ఐదు కిలోలు పెరిగింది కూడా. చూడటానికి ఇంత చిన్న మోతాదు అవడం వల్ల చాలామంది కోచ్‌లకి నమ్మకం కుదరదు, ఇంకొంచెం కలపాలనిపిస్తుంది. ఆ చేతిని ఆపుకోవాలి.

ఇక, ఈ రైడర్‌కి మొదటి మూడు వారాలు మంగళవారం బండి 5.5, 5.4, 5.5 సెకన్లు వచ్చిందనుకుందాం. స్క్వాట్‌కి ముందు గోడ దగ్గర నిలబడి, వేలికి సుద్ద రాసుకుని గెంతి గీత పెడతాడు. మూడు గెంతుల్లో మేలైనది నిలువు అందుబాటుకి పైన 52 సెంటీమీటర్లు వస్తోంది. నాలుగో వారం చివర రెండు రోజుల్లో ఐదు మ్యాచ్‌లు పడ్డాయి, ఫైనల్ అర్ధరాత్రి దాటాక ముగిసింది, వెంటనే రాత్రి బస్సు. మంగళవారం గెంతు 46. బండి మొదటి లాగుడే 5.9.

ఇది పేరుకున్న భారం. బలం రెండు మూడు రోజుల్లో ఇలా పోదు. ఆ వారం స్క్వాట్ బరువు మార్చకుండా ఒకే సెట్ చేస్తాడు, బండి రెండుసార్లు లాగి ఆపేస్తాడు, నార్డిక్ ఒక్క సెట్, బుధవారం విరామ పరుగులు లేవు. గురువారం గెంతు 50కి వచ్చిందంటే లెక్క సరిపోయినట్టే. తర్వాతి మంగళవారానికి కూడా 46 దగ్గరే ఉండిపోతే కారణం వ్యాయామంలో లేదు. నిద్ర, తిండి, లోపల ఉన్న జ్వరం, దాచిపెట్టిన నొప్పి, వీటిలో ఎక్కడో ఉంది. జట్టులో చోటు పోతుందన్న భయంతో కుర్రాళ్లు గజ్జల్లో నొప్పి, మోకాలి వాపు చెప్పరు. సుద్ద గీత చెప్తుంది.

రెండో రకం క్షీణత ఇలా ఉన్నట్టుండి పడదు. గెంతు వారానికి ఒక సెంటీమీటరు చొప్పున జారుతుంది, బండి సమయం 5.5 నుంచి 5.6, 5.8 అవుతుంది, రెండు రోజులు సెలవిచ్చినా తిరిగి రాదు. కాళ్లు నొప్పిగా ఉన్నాయా అంటే లేవంటాడు. పుస్తకం తిరగేస్తే మంగళవారాలు వరుసగా ఎగ్గొట్టినట్టు కనిపిస్తుంది. ఇతనికి విశ్రాంతి ఇస్తే ఇంకా జారతాడు, ఇతన్ని బార్ కిందికి పంపాలి. మూడో రకం కూడా ఉంది: గెంతు బాగుంది, బండి బాగుంది, మొదటి సగంలో పులి, చివరి ఐదు నిమిషాల్లో మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని నిలబడిపోతాడు. ట్యాంకుకి లోటు లేదు, మోటారు చాలడం లేదు. కలపాల్సింది విరామ పరుగులే.

అలాంటివాళ్లు ఎక్కువగా కనిపించేది బెంచీ మీద. ప్రధాన రైడర్‌కి మ్యాచే పెద్ద శిక్షణ. బదులు ఆటగాడు మాత్రం శని ఆదివారాలు కూర్చుని చూస్తాడు, సోమవారం అందరితోపాటు విశ్రాంతి తీసుకుంటాడు, వారంలో అందరితోపాటు తగ్గించిన మోతాదే చేస్తాడు. ఆరు వారాలకి జట్టులో అందరికన్నా వెనకబడేది అతనే. ప్రధాన రైడర్ గాయపడిన రోజు అతన్నే పంపుతారు. 2022లో ప్రో కబడ్డీ తొమ్మిదో సీజన్‌లో పవన్ సెహ్రావత్ తమిళ్ తలైవాస్ తరఫున మొదటి మ్యాచ్‌లోనే మోకాలి గాయంతో సీజన్‌కి దూరమయ్యాడు. జట్టు లెక్కలన్నీ ఒక్క సాయంత్రంలో మారిపోయాయి. బెంచీ మీదివాళ్లకి మ్యాచ్ ముగిసిన వెంటనే, ఖాళీ అయిన కోర్టులోనో పక్క మైదానంలోనో, బుధవారం చెప్పిన విడతలే ఆరేసి చొప్పున మూడు చేయించాలి. వాళ్లకి బండి విడతలు కాకుండా కోర్టు పరుగులే కావాలి, ఎందుకంటే ఆగడం, మలుపు తిరగడం అనే కుదుపు వాళ్ల కాళ్లకి మ్యాచ్‌లో దొరకడం లేదు. ప్రధాన రైడర్‌కి సరిగ్గా ఎదురు: ఆ కుదుపు అతనికి మ్యాచ్‌లోనే మితిమీరి అందుతోంది. ఊపిరికి పని కావాలంటే అతనికి తేలిక బండిని ఎనిమిది సెకన్లు నెట్టి ఇరవై రెండు సెకన్లు నడిచే విడత ఒకటి రెండు చాలు.

డిఫెండర్లకి బండి లాగడం కన్నా నెట్టడం మేలు. కడ్డీల్ని కింది భాగంలో పట్టుకుని, వీపు నిటారుగా, పిరుదులు కిందికి దించి తోస్తే అది డ్యాష్‌కి వెళ్లే భంగిమ. వాళ్లకి తువ్వాలు చుట్టిన కడ్డీకి వేలాడటం కూడా కావాలి, థై హోల్డ్ జారిపోయేది తొడ బలం లేక కాదు, వేళ్ల బలం లేక.

కుస్తీ పట్టేవాళ్లకీ ఇదే పద్ధతి కాస్త మార్పులతో సరిపోతుంది. ఫ్రీస్టైల్ పోరు మూడేసి నిమిషాల రెండు భాగాలు, మధ్యలో 30 సెకన్లే విరామం కాబట్టి వాళ్ల విడతల్లో విశ్రాంతి తక్కువ ఉండాలి: ఇరవై సెకన్లు నెట్టుడు, ఇరవై సెకన్లు ఊపిరి. తాలీంఖానాల్లో దండీలు, బస్కీలు వందల్లో తీసే అలవాటు ఇంకా బలంగా ఉంది. సీజన్‌కి ముందు అది మంచి పునాది. పోటీల వారంలో మాత్రం బస్కీల సంఖ్యే మొదట కోయాలి, కాళ్ల నొప్పులకి దాన్ని మించింది లేదు. ఇంకొకటి గట్టిగా చెప్పాలి. బరువు విభాగం కోసం రెయిన్‌కోటు లాంటి చొక్కా తొడుక్కుని ఎండలో బండి లాగే కుర్రాళ్లున్నారు. చెమటతో పోయేది నీరు. దాంతో రక్తం చిక్కబడుతుంది, ఒంటి వేడి అదుపు తప్పుతుంది, ఇలాంటి పద్ధతుల్లో ప్రాణాలే పోయాయి. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో 50 కిలోల ఫైనల్ ముంగిట వినేశ్ ఫోగట్ వంద గ్రాముల దగ్గర ఆగిపోవడం మనమంతా చూశాం. ఆ రాత్రంతా ఆమె ఎంత కష్టపడిందో అందరికీ తెలిసిందే. బరువు తిండి పళ్లెం దగ్గర వారాల ముందు తేల్చుకోవాలి, బండి దగ్గర చివరి రోజు కాదు.

వరుసగా నాలుగు రోజుల పోటీ పడినప్పుడు ఈ వారం పట్టిక పనిచేయదు. పోటీకి రెండు రోజుల ముందు గురువారం మోతాదు చేసి బండి కట్టిపెట్టేయాలి. పోటీ నడిచే రోజుల్లో బార్ జోలికి వెళ్లకూడదు. ముగిసిన మర్నాడు నిద్ర, నడక. రెండో రోజు ఖాళీ బండి వెనక్కి. మూడో రోజు పొద్దున సుద్ద గీత 50 దాటితే 125 కిలోలు మూడేసి చొప్పున రెండు సెట్లు, దాటకపోతే ఇంకో రోజు ఆగడం.